ఖాతా ఉన్నా జమ కాని పెట్టుబడి సాయం: ఆధార్ మ్యాపింగ్ లోపాన్ని గుర్తించడం ఎలా?

అన్నదాత సుఖీభవ – పి.ఎం. కిసాన్ పథకం తొలి విడతను 2025 ఆగస్టు 2వ తేదీన ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలోని తూర్పు వీరాయపాలెంలో ముఖ్యమంత్రి ప్రారంభించారు. రాష్ట్ర వాటా 5,000 రూపాయలు, కేంద్ర వాటా 2,000 రూపాయలు, వెరసి 7,000 రూపాయలు 46.85 లక్షల రైతు కుటుంబాలకు చేరవలసిన రోజు అది. అర్హుల జాబితాలో పేరు ఉండి, భూమి వివరాలు సక్రమంగా ఉండి, ఇ-కేవైసీ పూర్తయి కూడా సొమ్ము అందని రైతులు మరుసటి వారం రైతు సేవా కేంద్రాలకు వచ్చారు. వారిలో కొందరి వివరాల ఎదుట కనిపించిన కారణం ఒక్కటే: ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఇనాక్టివ్.

బాపట్ల జిల్లా కారంచేడు ప్రాంతంలో ఆగస్టు నెల అంటే కాలువ నీటి కోసం ఎదురుచూపులు, వరి పనులు, మిరప నారుమళ్లు ఒకేసారి మీదపడే సమయం. 50 కిలోల డీఏపీ బస్తా ధర 1,350 రూపాయల చొప్పున ఐదు బస్తాలకు 6,750 రూపాయలవుతుంది. అంటే ఈ విడత సొమ్ము దాదాపుగా ఆ ఐదు బస్తాల ఖరీదు. అది సమయానికి రాకపోతే రైతు ఎరువు వేయడం మానడు, అరువు తెస్తాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 7,000 రూపాయలకు నెలకు 140 రూపాయలు అదనపు భారం. సాయం రాకపోవడమే కాదు, రానందుకు వడ్డీ కూడా కట్టవలసి రావడం ఇందులోని బాధ.

ఈ సమస్యపై విస్తరణ సిబ్బంది సాధారణంగా ఇచ్చే సలహా "బ్యాంకుకు వెళ్లి ఆధార్ లింకు చేయించుకోండి" అన్నది. రైతు వెళతాడు. బ్యాంకు గుమస్తా కంప్యూటరు చూసి "ఎప్పుడో లింకు అయింది" అంటాడు. రైతు తిరిగి రైతు సేవా కేంద్రానికి వస్తాడు. అక్కడ మళ్లీ అదే ఇనాక్టివ్ కనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరు చూస్తున్న పట్టికలు వేరు. ఈ తేడాను వివరించగలిగితే సగం పని పూర్తయినట్లే.

సొమ్ము నడిచే దారి

పాసుపుస్తకం జిరాక్సు ఇచ్చిన రైతు, ఆ ఖాతా నంబరుకే ప్రభుత్వం డబ్బు పంపుతుందని భావించడం సహజం. ఆధార్ ఆధారిత చెల్లింపులో అలా జరగదు. ప్రభుత్వ శాఖ పంపే చెల్లింపు ఫైలులో రైతు ఆధార్ సంఖ్య, మొత్తం, లావాదేవీ గుర్తింపు వివరాలు ఉంటాయి. ఏ ఖాతాలో జమ చేయాలన్నది ఆ ఫైలు నిర్ణయించదు. ఫైలు శాఖ తరఫు బ్యాంకు ద్వారా ఎన్‌పీసీఐ అని పిలిచే భారత జాతీయ చెల్లింపుల సంస్థకు చేరుతుంది. అక్కడ మ్యాపర్ అనే పట్టిక ఉంటుంది. అందులో ఒక్కొక్క ఆధార్ సంఖ్యకు ఎదురుగా ఉండేది ఖాతా నంబరు కాదు, ఒక బ్యాంకు గుర్తింపు సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య ఆధారంగా సొమ్ము ఆ బ్యాంకుకు వెళుతుంది. ఆ తరువాత బ్యాంకు తన సొంత రికార్డులలో ఆ ఆధార్‌కు జతపడిన ఖాతా ఏదో వెతికి జమ చేస్తుంది.

ఉత్తరం మీద ఊరి పేరు, మనిషి పేరు మాత్రమే ఉండి ఇంటి నంబరు లేనప్పుడు జరిగేది ఇదే. పైతపాలా కార్యాలయానికి ఊరు తెలిస్తే చాలు. ఇల్లు ఏదో ఆ ఊరి పోస్ట్‌మాన్‌కు తెలుస్తుంది. ఊరి పేరు చెరిగిపోతే ఉత్తరం బయలుదేరనే బయలుదేరదు. ఊరు చేరాక ఇల్లు దొరకకపోతే తిరుగు టపాలో వెనక్కి వస్తుంది. ఊరి పేరు మారితే మరో ఊరికి పోతుంది.

కాబట్టి అనుసంధానం రెండు చోట్ల జరగాలి. మొదటిది బ్యాంకు రికార్డులలో ఆధార్ సంఖ్యను ఖాతాకు జతచేయడం. రెండవది ఆ బ్యాంకు తన గుర్తింపు సంఖ్యను ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో ఆ ఆధార్ ఎదుట నమోదు చేయించడం. వాడుకలో రెండింటినీ "లింకు" అనే ఒకే మాటతో పిలవడం వల్లనే ఇంత గందరగోళం. ఖాతా తెరిచేటప్పుడు గుర్తింపు పత్రంగా ఆధార్ ఇచ్చినంత మాత్రాన రెండవ పని జరగదు. దానికి ఖాతాదారు ప్రత్యేకంగా సమ్మతి ఇవ్వాలి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత బ్యాంకు ఖాతాకు ఆధార్ జతచేయడం అందరికీ తప్పనిసరి కాదు గాని, ప్రభుత్వ సాయం ఆధార్ ద్వారా పొందేవారికి ఈ మ్యాపింగ్ లేకుండా దారి లేదు. పి.ఎం. కిసాన్‌లో భూమి వివరాల అనుసంధానాన్ని 12వ విడత నుండి, ఆధార్ ఆధారిత చెల్లింపును 13వ విడత నుండి, ఇ-కేవైసీని 15వ విడత నుండి తప్పనిసరి చేశారు. అంతకుముందు ఖాతా నంబరు ఆధారంగా సొమ్ము అందుకొన్న రైతు, తాను ఏమీ మార్చకపోయినా ఆగిపోయిందని వాపోవడానికి కారణం ఈ మార్పే.

మ్యాపర్‌కు మరో స్వభావం ఉన్నది. ఒక ఆధార్ ఎదుట ఒక సమయంలో ఒకే బ్యాంకు ఉంటుంది. రైతుకు నాలుగు బ్యాంకులలో ఖాతాలు ఉన్నా, చివరిగా మ్యాపింగ్ చేసిన బ్యాంకుదే చెల్లుబాటు. 2017లో ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకు విషయంలో దేశమంతటా బయటపడింది ఈ లక్షణమే. సిమ్ కార్డుల ఆధార్ ధ్రువీకరణ సమయంలో స్పష్టమైన సమ్మతి లేకుండానే తెరిచిన ఖాతాలకు లక్షలాది మంది వంటగ్యాస్ రాయితీ మళ్లిపోయింది. దాదాపు 190 కోట్ల రూపాయలను ఆ బ్యాంకు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. వినియోగదారులు ఏ దరఖాస్తూ పెట్టలేదు. మ్యాపర్‌లో బ్యాంకు పేరు మారింది, అంతే. మ్యాపింగ్‌ను ఒక బ్యాంకు నుండి మరొక బ్యాంకుకు మార్చే సమ్మతి పత్రంలో పాత బ్యాంకు పేరును ఖాతాదారు స్వయంగా రాయవలసి ఉండటానికి అర్థం ఇక్కడ తెలుస్తుంది.

ఒక రైతు ఉదాహరణ

ఈ సమస్య ఎలా పుడుతుందో, ఎందుకు అంత తేలికగా దొరకదో చూడటానికి కారంచేడు మండలానికి చెందిన ఒక రైతును ఊహించుకొందాం. ఇది ఏ ఒక్క వ్యక్తి చరిత్రా కాదు. నియమాల ప్రకారం జరిగే పరిణామాలను ఒక క్రమంలో చూపే నమూనా మాత్రమే.

రైతుకు రెండున్నర ఎకరాల భూమి. పాత ప్రకాశం జిల్లా రోజులలో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో పొదుపు ఖాతా తెరిచి, 2014లో ఆధార్ ఇచ్చాడు. మ్యాపింగ్ కూడా అప్పుడే జరిగింది. 2022లో చీరాలలోని మరొక బ్యాంకులో రెండవ ఖాతా తెరిచాడు. ఆ దరఖాస్తులో ప్రభుత్వ రాయితీలను ఈ ఖాతాకే పంపాలన్న సమ్మతి గడి ఒకటి ఉన్నది. సంతకాలతో పాటు దానిపైనా టిక్కు పడింది. అప్పటి నుండి పి.ఎం. కిసాన్ సొమ్ము రెండవ ఖాతాకు వస్తున్నది. 2025 ఫిబ్రవరి 24న విడుదలైన 19వ విడత 2,000 రూపాయలు కూడా అక్కడికే వచ్చాయి. కనీస నిల్వ లేదని రుసుములు కోస్తున్నారని విసిగి, ఏప్రిల్‌లో రైతు ఆ రెండవ ఖాతాను మూయించివేశాడు. గ్రామీణ బ్యాంకు ఖాతా ఉన్నది కదా అన్నది అతని ధైర్యం. ఆ పాసుపుస్తకం జిరాక్సును రైతు సేవా కేంద్రంలోనూ ఇచ్చాడు.

ఖాతా మూసినప్పుడు రెండవ బ్యాంకు మ్యాపర్‌లో తన నమోదును తొలగించింది. అక్కడితో ఆ ఆధార్ ఇనాక్టివ్ అయింది. చాలామంది ఊహించని విషయం ఇక్కడ ఉన్నది: రెండవ బ్యాంకు తప్పుకొన్నంత మాత్రాన మ్యాపింగ్ దానంతట అది మొదటి బ్యాంకుకు తిరిగి పోదు. మొదటి బ్యాంకు రికార్డులలో మాత్రం 2014లో జతచేసిన ఆధార్ చెక్కుచెదరకుండా ఉంటుంది. అందుకే ఆగస్టు 4, సోమవారం నాడు రైతు గ్రామీణ బ్యాంకుకు వెళితే "లింకు అయ్యే ఉంది" అన్న సమాధానం వచ్చింది. ఆ సమాధానం అబద్ధం కాదు, అసంపూర్ణం.

పైగా ఆ ఏడాది మే 1 నుండి రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు విలీనమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడ్డాయి. పాసుపుస్తకంపై పాత పేరు, బోర్డుపై కొత్త పేరు. దీంతో ఊరిలో అందరూ విలీనం వల్లనే డబ్బు ఆగిందని తీర్మానించారు. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్ మారిందని, దానిని దరఖాస్తులో సరిచేస్తే చాలునని ఒకరు సలహా ఇచ్చారు. ఆధార్ ద్వారా జరిగే చెల్లింపులో ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌కు గాని, దరఖాస్తులో రాసిన ఖాతా నంబరుకు గాని పాత్ర లేదన్న సంగతి తెలిసి ఉంటే ఆ రెండు రోజులు వృథా కాకపోయేవి.

ముడి విప్పినది రెండు తెరలు. మొదటిది pmkisan.gov.in లోని Know Your Status పుట. అందులో Land Seeding ఎదుట Yes, e-KYC Status ఎదుట Yes, Aadhaar Bank Account Seeding Status ఎదుట No అని ఉన్నది. అంటే భూమి పత్రాలతో గాని, తహసీల్దారు కార్యాలయంతో గాని పని లేదు. లోపం మ్యాపింగ్‌లోనే ఉన్నది. రెండవది myaadhaar.uidai.gov.in లోని Bank Seeding Status పుట. రైతు మొబైల్‌కు వచ్చిన ఓటీపీతో అందులో ప్రవేశిస్తే బ్యాంకు పేరు, స్థితి, చివరిగా మారిన తేదీ కనిపిస్తాయి. అక్కడ కనిపించినది చీరాలలో మూసివేసిన ఖాతా ఉన్న బ్యాంకు పేరు. స్థితి Inactive. తేదీ ఏప్రిల్ నెలది. సమస్య మొత్తం ఆ మూడు పంక్తులలో ఉన్నది.

ఆ పుట ప్రతిని తీసుకొని రైతు మళ్లీ గ్రామీణ బ్యాంకుకు వెళ్లాడు. ఈసారి అడిగినది "లింకు" గురించి కాదు. "రాయితీల కోసం ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో ఈ ఖాతాను నమోదు చేయండి" అని అడిగాడు. ఆధార్ సీడింగ్ సమ్మతి పత్రం పూర్తిచేసి, అందులో పాత బ్యాంకు పేరు రాసి, రసీదు తీసుకొన్నాడు. కొన్ని రోజుల తరువాత అదే పుటను తిరిగి తెరిస్తే గ్రామీణ బ్యాంకు పేరు, Active, కొత్త తేదీ కనిపించాయి. రసీదు ఉన్నంత మాత్రాన పని అయినట్లు కాదు. ఆ తేదీ మారినప్పుడే అయినట్లు.

ఏ లోపమో తెలుసుకొనే ఆధారాలు

జమ కాని ప్రతి కేసూ మ్యాపింగ్ లోపం కాదు. దీనిని వేరుచేయడానికి ఒక సులువైన గుర్తు ఉన్నది. అన్నదాత సుఖీభవలో రాష్ట్ర వాటా, కేంద్ర వాటా వేర్వేరు చెల్లింపులుగా వస్తాయి. రెండింటికీ దారి చూపేది ఒకే మ్యాపర్. 2,000 రూపాయలు వచ్చి 5,000 రూపాయలు రాకపోతే, లేదా 5,000 వచ్చి 2,000 రాకపోతే, మ్యాపింగ్ బాగానే ఉన్నట్లు లెక్క. అటువంటి రైతును బ్యాంకుకు పంపడం అతని కూలిరోజును పోగొట్టడమే. అర్హత, కుటుంబ వివరాలు, ఇ-కేవైసీ వంటివి చూడాలి. రెండూ రాకపోతేనే మ్యాపింగ్‌ను మొదట అనుమానించాలి.

ఇతర పథకాలు కూడా సాక్ష్యమిస్తాయి. 2025 జూన్‌లో తల్లికి వందనం సొమ్ము ఒక మహిళా రైతు ఖాతాకు వచ్చి ఉంటే, ఆ నెల వరకు ఆమె మ్యాపింగ్ సజీవంగా ఉన్నదని, ఆ డబ్బు పడిన బ్యాంకే మ్యాపర్‌లో ఉన్నదని చెప్పవచ్చు. ఎన్టీఆర్ భరోసా పింఛను మాత్రం ఈ పరీక్షకు పనికిరాదు. అది ఇంటి వద్ద చేతికి అందుతుంది గనుక, "నాకు పింఛను నెలనెలా వస్తున్నది కదా" అన్న వృద్ధ రైతు మాటను బట్టి మ్యాపింగ్ గురించి ఏ నిర్ణయానికీ రాకూడదు.

Bank Seeding Status పుటలో Active అని ఉండి కూడా సొమ్ము కనిపించకపోతే రెండు అవకాశాలు మిగులుతాయి. మొదటిది, డబ్బు వచ్చింది గాని రైతు చూస్తున్న ఖాతాలోకి కాదు. తెరపై ఉన్న బ్యాంకు పేరు చదివితే చాలు, సందేహం తీరుతుంది. మహిళల విషయంలో ఇది ఎక్కువ. పొదుపు సంఘం కోసం ఒకటి, జనధన్ ఒకటి, తపాలా బ్యాంకులో ఒకటి, ఇలా మూడు పాసుపుస్తకాలు ఇంట్లో ఉండి, డబ్బు మూడవదానిలో పేరుకొని ఉంటుంది. 2023లో పి.ఎం. కిసాన్ 14వ విడతకు ముందు ఆధార్ అనుసంధానం కోసం గ్రామాలలో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెరవమని ప్రోత్సహించారు. పోస్ట్‌మాన్ ఇంటికే వచ్చి తెరిచిన ఆ ఖాతాను అప్పుడే మరచిపోయినవారిని ముందుగా ఈ ప్రశ్న అడగాలి.

రెండవది, సొమ్ము సరైన బ్యాంకు వరకు వెళ్లి, ఖాతా వద్ద తిరస్కరణకు గురై వెనక్కి వచ్చింది. ఖాతా మూతపడటం, స్తంభించడం, బ్యాంకు రికార్డులో ఆధార్ జత తప్పిపోవడం ఇందుకు కారణాలు. పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతాలలో ఏడాదికి మొత్తం జమలు లక్ష రూపాయలు దాటకూడదన్న పరిమితి ఉంటుంది. ఉపాధి కూలీ, సంఘం డబ్బు అన్నీ అందులోనే నడిచే కుటుంబానికి ఆ హద్దు తగలవచ్చు. పత్రాలిచ్చి కేవైసీ పూర్తిచేయడమే దీనికి మార్గం. ఈ రకం లోపానికి సమ్మతి పత్రం మళ్లీ మళ్లీ ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు. తిరస్కరణ కారణం శాఖ వద్ద నమోదై ఉంటుంది. దానిని రైతు సేవా కేంద్రం నుండి అడిగి తెలుసుకొని బ్యాంకుకు చెప్పడం మేలు.

వాడని ఖాతాల గురించి ఒక మాట. రెండేళ్లకు పైగా ఖాతాదారు లావాదేవీలు లేని ఖాతాను నిర్వహణలో లేనిదిగా పరిగణిస్తారు. అయితే ప్రభుత్వ పథకాల సొమ్ము కోసం తెరిచిన ఖాతాలలో జమలకు ఆటంకం కలగకుండా చూడాలని రిజర్వు బ్యాంకు 2024 జనవరి 1న ఇచ్చిన ఆదేశాలలో ఉన్నది. అందువల్ల "ఖాతా వాడలేదు కాబట్టి సాయం రాదు" అన్న సమాధానంతో రైతు సరిపెట్టుకోనక్కరలేదు.

విస్తరణ సిబ్బంది హద్దులు

మ్యాపర్‌లో మార్పు చేసే అధికారం గ్రామ వ్యవసాయ సహాయకునికి గాని, వ్యవసాయాధికారికి గాని లేదు. అది రైతు సమ్మతితో బ్యాంకు చేయవలసిన పని. స్మార్ట్‌ఫోను వాడగలిగినవారు ఎన్‌పీసీఐ వెబ్‌సైటులోని భారత్ ఆధార్ సీడింగ్ ఎనేబ్లర్ సేవ ద్వారా స్వయంగా కోరవచ్చు గాని, అక్కడ కూడా ఖాతా ఉన్న బ్యాంకు ఆ సేవలో చేరి ఉండాలి, రైతు మొబైలు ఆధార్‌కు జతపడి ఉండాలి. నిజానికి గ్రామంలో అసలు అడ్డంకి చాలాసార్లు ఈ మొబైలే. పాత సిమ్ పోయి, కొత్త నంబరు ఆధార్‌లో లేకపోతే ఓటీపీ రాదు. ఓటీపీ లేనిదే ఆ పుటలో మ్యాపింగ్ స్థితి చూడటం కుదరదు. అప్పుడు మొదటి మెట్టు బ్యాంకు కాదు, ఆధార్ నమోదు కేంద్రం.

పని తొందరలో ఆధార్ కార్డుల ఫొటోలను వాట్సాప్ బృందాలలో సేకరించే అలవాటు కొన్ని చోట్ల పెరుగుతున్నది. మ్యాపింగ్‌ను మళ్లించడం ఎంత తేలికో పైన చూసిన తరువాత ఈ అలవాటును సమర్థించడం కష్టం. ఓటీపీని రైతు ఎదుటే, రైతు ఫోనులోనే వాడాలి.

కౌలు రైతు సమస్యను దీనితో కలపకూడదు. పి.ఎం. కిసాన్ భూయజమానులకు ఉద్దేశించినది. కౌలుదారుకు మ్యాపింగ్ ఎంత సక్రమంగా ఉన్నా ఆ 2,000 రూపాయలు రావు. కౌలు సాగు ఎక్కువగా ఉన్న డెల్టా గ్రామాలలో "ఎన్‌పీసీఐ చేయించుకో" అని కౌలుదారును పంపడం తప్పుదారి పట్టించడమే. అతనికి కావలసినది పంట సాగుదారు హక్కు పత్రం.

ఇక ఆగిన సొమ్ము సంగతి. మ్యాపింగ్ సరిచేసిన వెంటనే పాత విడత దానంతట అది రాదు. తిరస్కరణకు గురైన చెల్లింపు శాఖకు తిరిగి వెళ్లి ఉంటుంది. శాఖ దానిని కొత్త ఫైలులో మళ్లీ పంపవలసిందే. పి.ఎం. కిసాన్‌లో తప్పనిసరి అంశాలు పూర్తిచేసిన అర్హులకు బకాయి విడతలను కూడా చెల్లిస్తారని కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ పలుమార్లు స్పష్టం చేసింది. రాష్ట్ర వాటా విషయంలో రైతు సేవా కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయించి, స్థితి మారిన తేదీ కనిపించే ప్రతిని దానికి జతచేయడం మంచిది. పథకం కోసం 155251 నంబరు కూడా ఉన్నది.

నమూనా రైతు సమ్మతి పత్రం ఇచ్చినది ఆగస్టు మూడవ వారంలో. రెండవ విడత కడప జిల్లా పెండ్లిమర్రిలో నవంబరు 19న విడుదలైంది. నడుమ మూడు నెలల వ్యవధి ఉన్నది కాబట్టి అతని 7,000 రూపాయలు ఈసారి గ్రామీణ బ్యాంకుకు చేరతాయి. అదే పత్రాన్ని నవంబరు 17న ఇచ్చి ఉంటే, చెల్లింపు ఫైలు అప్పటికే తయారై ఉండవచ్చు. మిరప తోటకు రెండవ దఫా ఎరువులు మళ్లీ అరువుపైనే తేవలసి వచ్చేది. విడుదల తేదీకి కనీసం నెల ముందు గ్రామంలో ఇనాక్టివ్ జాబితాను తీసి, అందులో ఖాతా మూసినవారు, బ్యాంకు మార్చినవారు, మొబైలు పోయినవారు ఎవరెవరో విడదీసి ఒక్కొక్కరిని సరైన చోటుకు పంపగలిగితే, ఆగస్టు 4 నాటి ఆ వృథా ప్రయాణం తప్పుతుంది.